విద్యార్థి నిమగ్నత మాపని: సాధనం విభాగంలో విశ్వసనీయత, సప్రమాణతల గురించి ఏం రాయాలి

ప్రశ్న: నేను ఎడ్యుకేషన్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. డిగ్రీ విద్యార్థుల నిమగ్నత మీద పని. యూట్రెక్ట్ మాపనిలోని తొమ్మిది అంశాల విద్యార్థి రూపాన్ని తెలుగులోకి తెచ్చి వాడుతున్నాను. పైలట్‌లో ఆల్ఫా 0.84 వచ్చింది. దాని వర్గమూలం 0.92 కాబట్టి సప్రమాణత 0.92 అని రాశాను. ఐదుగురు నిపుణులు కూడా చూశారు. అయినా మా గైడుగారు సాధనం విభాగం చాలదు, మళ్ళీ రాయమన్నారు. ఇంకా ఏం రాయాలో అర్థం కావడం లేదు.

సమాధానం:

ముందుగా ఆ 0.92ను తీసేయండి. విశ్వసనీయతా గుణకానికి వర్గమూలం తీసి దాన్ని అంతర్గత సప్రమాణత అనడం మన ఎడ్యుకేషన్ విభాగాల్లో ఒక సిద్ధాంత వ్యాసం నుంచి మరో దానికి చేతులు మారుతూ వస్తున్న అలవాటు. ఆ సంఖ్యకు అర్థం లేదని కాదు, కానీ ఆ అర్థం వేరు. విశ్వసనీయత అంటే, వచ్చిన స్కోర్ల విస్తృతిలో నిజ స్కోరుకు చెందిన భాగం. దాని వర్గమూలం, వచ్చిన స్కోరుకూ నిజ స్కోరుకూ మధ్య ఉండే సహసంబంధం. ఇక్కడ నిజ స్కోరు అంటే విద్యార్థిలో ఉన్న అసలైన నిమగ్నత అని పొరబడకూడదు. ఇదే సాధనాన్ని ఇదే విద్యార్థికి లెక్కలేనన్నిసార్లు ఇవ్వగలిగితే వచ్చే సగటే నిజ స్కోరు. మీ తొమ్మిది అంశాలు నిమగ్నతకు బదులు లెక్చరర్ పట్ల భయభక్తుల్ని కొలుస్తున్నా ఆల్ఫా 0.84 రావచ్చు, వర్గమూలం 0.92 కావచ్చు. మరో సంగతి, ఆ సంఖ్యను ఆల్ఫా నుంచే రాబట్టారు కాబట్టి అందులో కొత్త ఆధారమేదీ లేదు. మీ మాపని మరే ఇతర కొలతతోనైనా ఎంత గరిష్ఠ సహసంబంధాన్ని చూపగలదో చెప్పే పైహద్దుగా మాత్రమే అది పనికొస్తుంది.

మీ గైడుగారి అభ్యంతరానికి మూలం ఇదేనని నా అభిప్రాయం. విశ్వసనీయత గానీ సప్రమాణత గానీ మాపనికి శాశ్వతంగా అంటుకుని ఉండే గుణాలు కావు. ఫలానా విద్యార్థుల నుంచి, ఫలానా భాషలో, ఫలానా ప్రయోజనం కోసం తీసుకున్న స్కోర్లకు మాత్రమే అవి వర్తిస్తాయి. అమెరికాలోని మూడు వృత్తి సంఘాలు కలిసి 2014లో వెలువరించిన పరీక్షల ప్రమాణాల గ్రంథం కూడా సప్రమాణతను రకాలుగా విడగొట్టలేదు. స్కోర్లకు మనం చెప్పే అర్థానికి ఎంత ఆధారం ఉందన్న ఒకే ప్రశ్నగా చూసి, ఆ ఆధారాలు అంశాల విషయం నుంచి, జవాబిచ్చే ప్రక్రియ నుంచి, అంతర్గత నిర్మాణం నుంచి, ఇతర చరాలతో సంబంధం నుంచి, వాడకం వల్ల కలిగే పర్యవసానాల నుంచి వస్తాయని చెప్పింది. మీ విభాగాన్ని ఈ క్రమంలో రాస్తే, మూల రచయితలు కనుగొన్నది రెండు వాక్యాల్లో ముగుస్తుంది, మిగిలినదంతా మీ విద్యార్థుల దత్తాంశం నుంచి మీరు చూపేది అవుతుంది. చాలామంది ఈ నిష్పత్తిని తలకిందులు చేస్తారు.

సాధనాన్ని వర్ణించే మొదటి పేరాలో, ఇది ఎలాంటి నిమగ్నతను కొలుస్తుందో స్పష్టంగా చెప్పండి. సాహిత్య సమీక్షలో ఎక్కువమంది ఫ్రెడ్రిక్స్, బ్లూమెన్‌ఫెల్డ్, పారిస్‌లు 2004లో సమన్వయించిన నమూనాను రాస్తారు. అందులో నిమగ్నత ప్రవర్తనాత్మకం, భావోద్వేగాత్మకం, సంజ్ఞానాత్మకం అని మూడు విధాలు. యూట్రెక్ట్ మాపని ఆ దారిలో వచ్చింది కాదు. అది ఉద్యోగులలో బర్నవుట్‌కు ఎదురుగా నిలిచే మానసిక స్థితిని వర్ణించే ప్రయత్నం నుంచి పుట్టి, తర్వాత విద్యార్థులకు మలచబడింది. షౌఫెలి బృందం 2002లో స్పెయిన్, పోర్చుగల్, నెదర్లాండ్స్ విశ్వవిద్యాలయ విద్యార్థులపై దీన్ని పరిశీలించింది. ఇందులోని ఉత్సాహశక్తి, అంకితభావం, తన్మయత అనే మూడు ఉపమాపనులు చదువు పట్ల విద్యార్థి అనుభూతిని అడుగుతాయి. తరగతిలో చేయెత్తాడా, అసైన్‌మెంట్ ఇచ్చాడా వంటి ప్రవర్తనను అడగవు. రెండో అధ్యాయంలో మొదటి నమూనాను నిర్వచనంగా తీసుకుని మూడో అధ్యాయంలో రెండో మాపనిని వాడితే, ఎంత మంచి ఆల్ఫా వచ్చినా విషయ సప్రమాణత అక్కడే దెబ్బతింటుంది. నిర్వచనం మారాలి లేదా మాపని మారాలి. మీరు ఇప్పటికే ఈ మాపనిని తెలుగు చేసి పైలట్ కూడా పూర్తిచేశారు కాబట్టి నిర్వచనాన్ని సరిదిద్దుకోవడమే తేలిక.

అదే పేరాలో తొమ్మిది అంశాలు, ఒక్కో ఉపమాపనికి మూడు, జవాబులు 0 నుంచి 6 వరకు, మొత్తం స్కోరు 0 నుంచి 54 వరకు అని రాయాలి. కొందరు మొత్తానికి బదులు సగటు వాడతారు. ఏది వాడారో చెప్పకపోతే పాఠకుడు మీ పట్టికలను చదవలేడు. వ్యతిరేకార్థంలో ఉన్న అంశాలు ఇందులో లేవన్న సంగతీ ఒక మాట రాయండి. దానివల్ల స్కోరు తిప్పడం మరిచిపోయే ప్రమాదం తప్పుతుంది. కానీ చదవకుండా ఒకే వరుసలో టిక్కులు పెట్టుకుంటూ పోయినవారిని పట్టుకోవడం కష్టమవుతుంది. అలా తొమ్మిదింటికీ ఒకే జవాబు ఇచ్చిన పత్రాలు ఎన్ని వచ్చాయో, వాటిని ఉంచారా తీసేశారా, ఎందుకు అన్నది ఒక వాక్యంలో చెప్పాలి. అవి ఎక్కువగా ఉంటే ఆల్ఫా అబద్ధంగా పెరుగుతుంది.

ఇక అనువాదం. ఇద్దరు వేర్వేరుగా తెలుగు చేయడం, వారి పాఠాలను కలిపి ఒకటి చేయడం, మూలం చూడని మరొకరు దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి మార్చడం, రెండు ఇంగ్లీషు పాఠాల తేడాలను కూర్చుని పరిష్కరించడం అన్నది అందరూ రాసే క్రమమే. మీరూ చేసి ఉంటారు. కానీ తిరుగు అనువాదం పదాలు సరిపోయాయా అన్నది మాత్రమే చెబుతుంది. విద్యార్థి ఏం అర్థం చేసుకుని టిక్కు పెట్టాడన్నది చెప్పదు. దానికి ఎనిమిది పదిమంది విద్యార్థులను ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి, ప్రతి అంశాన్ని పైకి చదివించి, ఈ జవాబు ఎందుకు ఎంచుకున్నావు, ఏ రోజులు గుర్తొచ్చాయి అని అడగాలి. దీన్నే జవాబు ప్రక్రియకు సంబంధించిన ఆధారం అంటారు. మన సిద్ధాంత వ్యాసాల్లో దాదాపు కనిపించనిది, చేయడానికి అతి తక్కువ ఖర్చయ్యేది కూడా ఇదే.

ఉదాహరణకు, ఉదయం లేవగానే క్లాసుకు వెళ్ళాలనిపిస్తుంది అన్న అంశం ఉత్సాహశక్తికి చెందినది. దీనికి 6 పెట్టిన ఒక అమ్మాయిని కారణం అడిగితే, ఇంట్లో ఉంటే పనులు చెబుతారు సార్, కాలేజీకైతే హాయిగా ఉంటుంది అంది. అదే అంశానికి 1 పెట్టిన అబ్బాయి తెల్లవారుజామున పల్లెవెలుగు బస్సు పట్టుకుని వచ్చేవాడు. అతడికి చదువంటే విసుగు లేదు, ప్రయాణమంటే విసుగు. ఈ ఇద్దరి జవాబుల్లోనూ చదువు పట్ల ఉత్సాహం కొలతకు రాలేదు. ఇలాంటిది తేలినప్పుడు అంశాన్ని తీసేయడం మొదటి పరిష్కారం కాకూడదు. సూచనల్లో, ఈ వాక్యాలన్నీ మీ చదువు గురించి, ప్రయాణం, స్నేహితులు, ఇంటి పరిస్థితుల గురించి కాదు అని స్పష్టంగా చేర్చి, మరో నలుగురైదుగురితో మళ్ళీ చూడాలి. అప్పటికీ మారకపోతే, ఆ అంశాన్ని ఉంచి, దాని లోడింగ్, అంటే కారకంతో దానికున్న సంబంధ బలం, ఎలా వస్తుందో కారక విశ్లేషణలో గమనిస్తామని ముందే రాసి పెట్టుకోవాలి. అంచనాను ముందుగా రాసుకుంటే తర్వాత వచ్చిన తక్కువ లోడింగ్‌కు కారణం వెతుక్కోవాల్సిన అవసరం ఉండదు.

నిపుణుల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఐదుగురు చూసి బాగుందన్నారు అనేది ఆధారం కాదు. ప్రతి నిపుణుడూ ప్రతి అంశానికీ సంబద్ధత ఎంతో నాలుగు స్థాయిలలో ఒకటి గుర్తించాలి. 3 లేదా 4 ఇచ్చినవారి నిష్పత్తే ఆ అంశపు విషయ సప్రమాణతా సూచిక. ఐదుగురే ఉన్నప్పుడు అందరూ అంగీకరిస్తేనే, అంటే 1.00 వస్తేనే అంశాన్ని ఆమోదించాలని, ఆరుగురు లేదా అంతకు మించితే 0.78 చాలని సాధారణంగా పాటించే నియమం. తక్కువమంది ఉన్నప్పుడు యాదృచ్ఛికంగా అంగీకారం కుదిరే అవకాశం ఎక్కువ కాబట్టి ఈ తేడా. నిపుణుల్లో కనీసం ఒకరు డిగ్రీ విద్యార్థులకు రోజూ పాఠం చెప్పేవారై ఉండాలి. ఐదుగురూ ఎడ్యుకేషన్ ప్రొఫెసర్లే అయితే భాష గురించి మంచి సలహా రాదు.

అసలు విషయం అంతర్గత నిర్మాణం. ఇక్కడే ఆల్ఫా గురించి ఒక అపోహ తొలగాలి. ఆల్ఫా ఎక్కువ వస్తే అంశాలన్నీ ఒకే గుణాన్ని కొలుస్తున్నాయని చాలామంది అనుకుంటారు. ఒక లెక్క వేసి చూద్దాం. అంశాల విస్తృతులు సమానమనుకుంటే ఆల్ఫా సూత్రం ఇది:

```
alpha = k*r / (1 + (k-1)*r)
```

ఇందులో k అంశాల సంఖ్య, r అంశాల జంటల మధ్య సగటు సహసంబంధం. తొమ్మిది అంశాలు మూడేసి చొప్పున మూడు గుంపులుగా ఉన్నాయని, ఒకే గుంపులోని అంశాల మధ్య సహసంబంధం 0.60, వేర్వేరు గుంపుల అంశాల మధ్య 0.20 మాత్రమే అని ఊహించండి. అంటే ఇవి చాలావరకు వేర్వేరు గుణాలు. మొత్తం 36 జంటల్లో 9 గుంపు లోపలివి, 27 గుంపుల మధ్యవి. సగటు 0.30 అవుతుంది. సూత్రంలో వేస్తే ఆల్ఫా 0.79. వేర్వేరు మూడు గుణాలను ఒకచోట కలిపినా 0.70 హద్దును సులువుగా దాటేసింది. ఇప్పుడు దీనికి ఎదురు పరిస్థితి చూడండి. అన్ని జంటల మధ్య సహసంబంధం ఒకేలా 0.35 ఉంటే, మూడు అంశాలకు ఆల్ఫా 0.62, తొమ్మిదింటికి 0.83, పదిహేడింటికి 0.90 వస్తుంది. అంశాల నాణ్యత ఏమీ మారలేదు, సంఖ్య మాత్రమే మారింది. కాబట్టి మీ 0.84 మాపని ఏకగుణాత్మకమని నిరూపించదు. అలాగే మూడు అంశాల ఉపమాపనికి 0.65 వచ్చినంత మాత్రాన అంశాలు చెడ్డవని కూడా అనుకోనక్కరలేదు.

నిర్మాణాన్ని పరిశీలించడానికి మీకు నిర్ధారణాత్మక కారక విశ్లేషణ కావాలి. ఇది ఇప్పటికే మూడు కారకాల సిద్ధాంతం ఉన్న మాపని కాబట్టి అన్వేషణాత్మక విశ్లేషణతో మొదలుపెట్టాల్సిన పని లేదు. ఒకే విద్యార్థుల నమూనాపై ముందు అన్వేషణాత్మక విశ్లేషణ చేసి, వచ్చిన నిర్మాణాన్ని అదే నమూనాపై నిర్ధారించామని రాయడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. పైలట్‌లో సాధారణంగా ఉండే యాభై అరవైమంది దీనికి చాలరు. ప్రధాన నమూనాలో మూడు వందలమందికి పైగా ఉంటే మంచిది. ఏడు స్థాయిల జవాబులను నిరంతర చరంగా పరిగణించవచ్చు, అయితే స్కోర్లు పైవైపుకు ఒరిగి ఉంటాయి కాబట్టి దానికి తట్టుకునే అంచనా పద్ధతి వాడాలి. ఆర్‌లో lavaan ప్యాకేజీతో ఇలా:

```
model <- '
  vigor      =~ v1 + v2 + v3
  dedication =~ d1 + d2 + d3
  absorption =~ a1 + a2 + a3
'
fit <- cfa(model, data = main, estimator = "MLR")
fitMeasures(fit, c("cfi.robust", "rmsea.robust", "srmr"))
```

నమూనా దత్తాంశానికి ఎంత సరిపోయిందో చెప్పే సూచికల్లో సీఎఫ్ఐ 0.95 దగ్గర, ఆర్ఎంఎస్ఈఏ 0.06 దగ్గర, ఎస్ఆర్ఎంఆర్ 0.08 లోపు ఉండాలన్న హద్దులు హు, బెంట్లర్‌ల 1999 వ్యాసం నుంచి వచ్చినవి. వాటిని సూచనలుగానే తీసుకోండి. సరిపోకపోతే సాఫ్ట్‌వేర్ సవరణ సూచికలు చూపిస్తుంది. దాన్ని చూసి దోషాల మధ్య ఒకదాని తర్వాత ఒకటి సహసంబంధాలు కలుపుకుంటూ సీఎఫ్ఐని 0.95కి లాక్కొచ్చేవారు ఉన్నారు. పరీక్షకులు ఇది వెంటనే పట్టేస్తారు. రెండు అంశాల మాటలు దాదాపు ఒకటే అయితే ఒక సహసంబంధాన్ని కారణం చెప్పి కలపవచ్చు, అంతకు మించి వద్దు. మూడు కారకాల నమూనాను ఒకే కారకపు నమూనాతో పోల్చిన పట్టికను మాత్రం తప్పక ఇవ్వండి.

ఆ తర్వాత చాలామంది దాటేసే ఘట్టం ఉంది. యూట్రెక్ట్ మాపనిలో మూడు కారకాల మధ్య సహసంబంధాలు సాధారణంగా చాలా ఎక్కువ. ఊహించిన అంకెలతో చెబుతాను. ఉత్సాహశక్తి అంశాల ప్రామాణిక లోడింగులు 0.78, 0.71, 0.64 వచ్చాయనుకుందాం. వాటి మొత్తం 2.13, దాని వర్గం 4.54. లోడింగుల వర్గాల మొత్తం 1.52, కాబట్టి దోష విస్తృతి 3 నుంచి 1.52 తీసేస్తే 1.48. సంయుక్త విశ్వసనీయత, అంటే ఇక్కడ ఒమెగా, 4.54ను 6.02తో భాగిస్తే 0.75. సగటు వివరిత విస్తృతి 1.52ను 3తో భాగిస్తే 0.51. రెండూ వాడుకలో ఉన్న 0.70, 0.50 హద్దులు దాటాయి, సంతోషమే. అంకితభావం ఒమెగా కూడా 0.75 అనుకుని, ఈ రెండు ఉపమాపనుల స్కోర్ల మధ్య మామూలు సహసంబంధం 0.66 వచ్చిందనుకుందాం. దీన్ని చూసి, పరస్పర సంబంధం ఉన్నా ఇవి వేర్వేరు గుణాలే అని రాసేస్తారు. కానీ ఆ 0.66 కొలత దోషం వల్ల తగ్గిన సంఖ్య. రెండు విశ్వసనీయతల లబ్ధానికి వర్గమూలం తీసి, అంటే 0.75తో భాగిస్తే, 0.88 వస్తుంది. కారకాల మధ్య సహసంబంధంగా lavaan చూపేది కూడా ఇంచుమించు అదే. సగటు వివరిత విస్తృతి వర్గమూలం 0.71 మాత్రమే. 0.88 దానికంటే ఎక్కువ కాబట్టి ఫోర్నెల్, లార్కర్‌ల ప్రమాణం ప్రకారం ఈ రెండింటి మధ్య విభేదక సప్రమాణత లేదు.

ఇలా వస్తే దాన్ని దాచకూడదు, దాని పర్యవసానాన్ని అంగీకరించాలి. మూడు ఉపమాపనులకు వేర్వేరుగా పరికల్పనలు పెట్టి, వేర్వేరు టి పరీక్షలు చేసి, ఉత్సాహశక్తిలో తేడా ఉంది, అంకితభావంలో లేదు అని నాలుగో అధ్యాయంలో రాయడానికి మీకు ఆధారం ఉండదు. మొత్తం స్కోరుకే పరిమితం కావాలి. దానికి సమర్థనగా, రెండో స్థాయి కారకంతో ఉన్న నమూనా కూడా అంతే బాగా సరిపోయింది అని రాస్తుంటారు. మొదటి స్థాయి కారకాలు మూడే ఉన్నప్పుడు రెండో స్థాయి నమూనా, పరస్పర సంబంధం గల మూడు కారకాల నమూనాకు గణితపరంగా సమానం. సీఎఫ్ఐ, ఆర్ఎంఎస్ఈఏ ఆఖరి అంకె వరకూ ఒకేలా వస్తాయి, రాక తప్పదు. అందుచేత ఆ సమానతను ఆధారంగా చూపించడం కుదరదు. చూపించాల్సింది రెండో స్థాయి లోడింగులు, వాటి నుంచి లెక్కించే ఒమెగా హైరార్కికల్, అంటే మొత్తం స్కోరు విస్తృతిలో ఉమ్మడి కారకం ఒక్కదానికే చెందిన వంతు.

విశ్వసనీయత గురించి రాసే పేరా దీని తర్వాత రావాలి, ముందు కాదు. ఏ స్కోరును వాడబోతున్నామో నిర్మాణం తేల్చాకే దాని విశ్వసనీయత అడగగలం. మీ ప్రధాన నమూనాలో వచ్చిన ఆల్ఫా, ఒమెగాలను 95 శాతం విశ్వాస అంతరాలతో ఇవ్వండి. పైలట్ ఆల్ఫా ఒక్కటే ఇచ్చి ఊరుకోవద్దు. కొలత ప్రామాణిక దోషాన్ని కూడా లెక్కించండి. మొత్తం స్కోరు ప్రామాణిక విచలనం 8, విశ్వసనీయత 0.84 అయితే, 1 నుంచి 0.84 తీసేయగా వచ్చే 0.16కు వర్గమూలం 0.4, దాన్ని 8తో గుణిస్తే 3.2. ఒక విద్యార్థి స్కోరుకు అటూ ఇటూ ఆరు పాయింట్లకు పైగా అనిశ్చితి ఉందన్నమాట. గుంపుల సగటులను పోల్చడానికి ఇది అడ్డు కాదు, కానీ 35 లోపు వచ్చినవారిని తక్కువ నిమగ్నులుగా గుర్తించి కౌన్సెలింగ్‌కు పంపాలని ఐదో అధ్యాయంలో సిఫారసు చేయడానికి ఇది అడ్డే.

పునఃపరీక్ష చేస్తే రెండు మూడు వారాల వ్యవధి చాలు. మధ్యలో ఇంటర్నల్ పరీక్షలు గానీ దసరా, సంక్రాంతి సెలవులు గానీ రాకుండా చూసుకోండి. నిమగ్నత మారే స్థితి కాబట్టి, పరీక్షల ముందు ఒకసారి, తర్వాత ఒకసారి కొలిస్తే వచ్చే తక్కువ గుణకం మాపని లోపమో నిజమైన మార్పో తెలియదు. పియర్సన్ సహసంబంధం బదులు ఇంట్రాక్లాస్ సహసంబంధంలో స్కోర్ల పూర్తి ఏకీభావాన్ని, అంటే absolute agreementను, కొలిచే రూపం వాడండి. అందరి స్కోర్లూ సమానంగా ఐదేసి పాయింట్లు పెరిగినా పియర్సన్ 1.00గానే కనిపిస్తుంది.

ఇతర చరాలతో సంబంధం దగ్గర మన రాష్ట్రాల్లో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. హాజరు శాతాన్ని బాహ్య ప్రమాణంగా తీసుకోవాలని అందరికీ తోస్తుంది. కానీ పరీక్ష రాయడానికీ, ఫీజు రీయింబర్స్‌మెంట్‌కూ 75 శాతం హాజరు నిబంధన ఉన్నచోట రిజిస్టరులోని అంకెలు ఆ గీతకు కాస్త పైన గుమిగూడతాయి. విస్తృతే లేని చరంతో దేనికీ చెప్పుకోదగ్గ సహసంబంధం రాదు. నిమగ్నతకూ హాజరుకూ మధ్య 0.10 వచ్చిందంటే అది మాపని సప్రమాణతకు వ్యతిరేక సాక్ష్యం కాదు. వాడదలిస్తే ముందు హాజరు పంపిణీ చిత్రం గీసి చూడండి. దీనికంటే విద్యార్థుల బర్నవుట్ మాపనితో రుణాత్మక సంబంధం, గత సెమిస్టర్ గ్రేడు సగటుతో స్వల్ప ధనాత్మక సంబంధం ఉంటాయన్న అంచనాలను ముందే దిశతో, సుమారు పరిమాణంతో రాసి పరీక్షించడం మేలు. ఒకే ప్రశ్నావళిలో ఒకే పూట అడిగిన రెండు మాపనుల మధ్య సంబంధం ఎప్పుడూ కొంత ఎక్కువగానే కనిపిస్తుందని గుర్తుంచుకోండి. గ్రేడు కాలేజీ రికార్డు నుంచి తీసుకుంటే ఆ అనుమానం ఉండదు.

మీ పరికల్పనల్లో తెలుగు మీడియం, ఇంగ్లీషు మీడియం విద్యార్థుల పోలిక ఉంటే, మరొక పరీక్ష తప్పదు. రెండు గుంపుల్లోనూ ఒకే నిర్మాణం ఉందా, లోడింగులు సమానమా, ఆపైన అంశాల ఇంటర్సెప్ట్‌లు సమానమా అని వరుసగా చూడాలి. ప్రతి మెట్టులో సీఎఫ్ఐ 0.01 కంటే ఎక్కువ పడిపోకపోతే సమానత నిలిచిందంటారు. మూడో మెట్టు నిలవకపోతే సగటుల తేడా నిమగ్నతలోని తేడానో వాక్యం చదువుకున్న తీరులోని తేడానో చెప్పలేం. ఒక గుంపుకు ఇంగ్లీషు ప్రతి, మరో గుంపుకు తెలుగు ప్రతి ఇచ్చి ఉంటే ఈ ప్రశ్న మరీ ముఖ్యం. షౌఫెలి బృందం 2002 అధ్యయనంలోనే మూడు దేశాల మధ్య లోడింగులన్నీ సమానంగా నిలవలేదు.

ఇవన్నీ కలిపితే మీ విభాగంలో విశ్వసనీయత, సప్రమాణతల పేరాలు ఈ ధోరణిలో ఉండవచ్చు. అంకెలు పైన ఊహించినవే, మీవి వేసుకోండి:

"ప్రస్తుత అధ్యయనంలో నిమగ్నతను, చదువు పట్ల ఉత్సాహశక్తి, అంకితభావం, తన్మయతలతో కూడిన మానసిక స్థితిగా నిర్వచించి, యూట్రెక్ట్ మాపనిలోని తొమ్మిది అంశాల విద్యార్థి రూపపు తెలుగు పాఠంతో కొలిచాము. విద్యార్థులతో జరిపిన వ్యక్తిగత ఇంటర్వ్యూలలో క్లాసుకు వెళ్ళాలనిపించడం గురించిన అంశాన్ని కొందరు చదువుతో కాక ఇంటి, ప్రయాణ పరిస్థితులతో ముడిపెట్టినట్లు తేలినందున సూచనలను సవరించాము. ప్రధాన నమూనాపై జరిపిన నిర్ధారణాత్మక కారక విశ్లేషణలో మూడు కారకాల నమూనా ఒకే కారకపు నమూనా కంటే మెరుగ్గా సరిపోయినప్పటికీ, ఉత్సాహశక్తి, అంకితభావాల మధ్య సహసంబంధం 0.88 ఉండి, వాటి మధ్య విభేదక సప్రమాణతకు ఆధారం లభించలేదు. అందువల్ల పరికల్పనలన్నిటినీ మొత్తం స్కోరుపైనే పరీక్షించాము. మొత్తం స్కోరుకు ఆల్ఫా 0.84, కొలత ప్రామాణిక దోషం 3.2. ఈ స్కోర్లు గుంపుల పోలికకు తగినవే గానీ, ఒక్కొక్క విద్యార్థి గురించి నిర్ణయం తీసుకోవడానికి ఉద్దేశించినవి కావు."

అనుబంధంలో తుది తెలుగు పాఠాన్ని సూచనలతో సహా పూర్తిగా పెట్టండి, నిపుణుల రేటింగుల పట్టిక, ఇంటర్వ్యూల తర్వాత ఏ వాక్యం ఎలా మారిందో చూపే పట్టిక కూడా అక్కడే ఉండాలి. మాపని వాణిజ్యేతర పరిశోధనకు ఉచితమే అయినా అనువదించి వాడుతున్న సంగతిని, మూల పాఠం ఎక్కడ నుంచి తీసుకున్నదీ విభాగంలోనే ఒక వాక్యంగా రాయండి. పరికల్పనలు ఉపమాపనుల వారీగా ఇప్పటికే రిజిస్టర్ అయి ఉంటే, విశ్లేషణ మొదలుపెట్టక ముందే గైడుగారితో మాట్లాడి మొత్తం స్కోరుకు మార్చుకునే అవకాశం ఉందేమో కనుక్కోండి. వైవాలో ఆ మార్పుకు కారణం అడిగితే మీకు వచ్చిన కారకాల మధ్య సహసంబంధాల పట్టికను చూపించవచ్చు.